ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, ఒక చార్టు

విద్యాహక్కు చట్టం టీచర్లను లెక్కగట్టేది పిల్లల సంఖ్యను బట్టి, తరగతుల సంఖ్యను బట్టి కాదు. ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. ఆ 60 మంది ఒకే తరగతిలో ఉన్నా ఇద్దరే, ఐదు తరగతుల్లో చెదిరి ఉన్నా ఇద్దరే. మన పల్లెల్లో రెండో రకం బళ్లే ఎక్కువ. గోదావరి జిల్లాలో నేను చూసిన ఒక బడి కూడా అలాంటిదే. పిల్లలు 38 మంది, గదులు రెండు, ఓ వరండా. హెచ్‌ఎం మేడమ్ ఒకరు, సారు ఒకరు. ఆ బడి టైం టేబుల్ మేడమ్ చేత్తో వేసింది. ఆఫీసు గోడమీది పట్టికల్ని చూడకుండా దాటిపోవడమే మనకు అలవాటు. ఈ చార్టు ముందు మాత్రం నిలబడి గడిగడీ చదవాలి.

ముందు ఆవిడ ముందున్న చిక్కు ఏమిటో చూద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. అంటే తరగతికీ సబ్జెక్టుకూ ముడిపెడితే మొత్తం 18 పాఠాలు. రోజుకు 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది. చివరిది అందరికీ కలిపి ఆటలకో, పాటలకో పోతే ఇద్దరు టీచర్ల చేతిలో మిగిలేవి రోజుకు 14, వారానికి 84. ప్రతి పాఠాన్నీ రోజూ చెప్పాలంటే ఒక్క రోజుకే 18 కావాలి. ఏ మూల నుంచి కూడినా చాలవు. కాబట్టి ఏ పీరియడ్ తీసుకున్నా ఐదు తరగతుల్లో రెండిటి దగ్గరే టీచరు ఉంటారు. మిగతా మూడూ తమంతట తాము కూర్చోవాలి.

మామూలు టైం టేబుల్ ఈ నిజాన్ని దాచేస్తుంది. అయిదో తరగతి వరసలో "లెక్కలు, తెలుగు, ఇంగ్లిష్" అని నిండుగా రాసి ఉంటుంది గానీ, ఆ వేళకు టీచరు నాలుగో తరగతి దగ్గర ఉంటాడని ఎక్కడా ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్లకు అది బాగానే కనిపిస్తుంది. మేడమ్ చార్టులో రంగులున్నాయి. టీచరు పాఠం చెప్పే గడి ఎరుపు, పిల్లలు సొంతంగా పని చేసుకునే గడి నీలం, తరగతులు కలిపి కూర్చోబెట్టే గడి ఆకుపచ్చ. చూడగానే చార్టు నిండా నీలమే. ఆవిడ పనితనం కూడా ఆ నీలిగడుల్లోనే ఉంది. ప్రతిదాంట్లో ఏం చెయ్యాలో రాసి ఉంది: "చదివిన పాఠంలోంచి ఐదు మాటలు, సొంత వాక్యాలు", "నిన్నటి లెక్కలు, జతగా సరిచూడటం", "కథల పుస్తకం, నచ్చిన బొమ్మ". "స్వయం అభ్యాసం" అనే గాలిమాట ఒక్కచోట కూడా లేదు.

ఇక 84 పీరియడ్ల పంపకం. మూడు, నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానాన్ని ఆవిడ విడివిడిగా చెప్పదు. మూడు పుస్తకాల్లోనూ నీళ్లు, తిండి, మొక్కలు, ఇల్లు మళ్లీ మళ్లీ వచ్చే సంగతులే. వాటిని జతపరిచి వారానికి మూడు రోజులు మూడు తరగతుల్నీ కలిపి కూర్చోబెడుతుంది. మొదటి పావుగంట అందరికీ ఒకే మాట, ఆ తర్వాత ఎవరి పుస్తకం వాళ్లది. తొమ్మిది పీరియడ్ల పని మూడిటితో తీరింది. అలా మిగిలిన ఆరింటి వల్లే లెక్కలు ప్రతి తరగతికీ రోజుకొకటి చొప్పున దక్కాయి. తెలుగు, ఇంగ్లిష్ వారానికి నాలుగేసి. పెద్ద తరగతుల సంగతి అది. ఒకటో తరగతికి మాత్రం 21 ఇచ్చింది, అందులో తొమ్మిది తెలుగే. రెండో తరగతికి 18.

ఒకటో తరగతికి అంత మొగ్గు చూపడానికి కారణం జాలి కాదు. చదవడం రాని పిల్లవాడికి నీలిగడి ఇచ్చి లాభం లేదు. వాడు పలకమీద ఒక అక్షరం దిద్ది, పది నిమిషాలకల్లా లేచి పక్కవాడి జుట్టు లాగుతాడు. అందుకే ఒకటి, రెండు తరగతులు కూర్చునే చిన్నగదిలో చాలాసార్లు 40 నిమిషాల పీరియడ్‌ను సారు సగానికి విరుస్తాడు. 20 నిమిషాలు ఒకటో తరగతితో, 20 నిమిషాలు రెండో తరగతితో. చార్టులో ఆ గడుల మధ్య చుక్కల గీత ఉంది. మిగతా సగంలో ఒకటో తరగతి పిల్లలు గోడకు కింద, తమకు అందే ఎత్తులో నల్లరంగు వేసిన పట్టీ మీద సుద్దముక్కతో రాస్తారు. నిలబడి చేసే పని కాబట్టి కుదురు ఇంకాస్త నిలుస్తుంది.

లెక్క చూస్తే చిన్నగదికి 39 పీరియడ్లు పోతాయి. సారుకు వారానికి 42. మిగిలిన మూడింటినీ మూడో తరగతి తెలుగు చదివింపుకు ఇచ్చింది. ఆ మూడు రోజులూ మూడో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని చిన్నగదిలోకి వెళతారు. ఈ మూడూ తీసేస్తే మేడమ్ దగ్గర 45 కావాల్సినచోట సరిగ్గా 42 మిగిలాయి. ఇద్దరికీ బరువు సమానమైంది. ఆఖరి పీరియడ్‌లో పిల్లలందరినీ ఒకరు ఆడిస్తే రెండోవారికి అది లీజరు. వారంలో మూడు రోజులు ఆవిడకు, మూడు రోజులు ఆయనకు. రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఆ మూడు లీజర్లలో తేలవు, బడి అయ్యాకా కూర్చోక తప్పదు. హెచ్‌ఎంను కాబట్టి నాకు తక్కువ పీరియడ్లు అని ఆవిడ రాసుకోవచ్చు, చాలాచోట్ల అలాగే రాసుకుంటారు కూడా. రాసుకోలేదు.

పెద్దగదిలో ఒక పీరియడ్ ఎలా నడుస్తుందో చూస్తే చార్టు అర్థం తెలుస్తుంది. సోమవారం రెండో పీరియడ్. అయిదో తరగతికి భిన్నాలు, కొత్త పాఠం, ఎర్రగడి. నాలుగో తరగతికి నీలం: ఊరి చెరువు నుంచి బడి దాకా దారి పటం గీసి, గుర్తులు పెట్టాలి. మూడో తరగతికీ నీలమే, తెలుగు రాత. మేడమ్ గదిలోకి రాగానే అయిదో తరగతి వైపు చూడదు. మొదటి ఐదు నిమిషాలు నాలుగుకు, మూడుకు. పని ముందే బోర్డుకు రెండు చివర్లా రాసి ఉంది, ఒకరిచేత బిగ్గరగా చదివించి, మొదటి గీత గీయించి వదిలేస్తుంది. ఆ ఐదు నిమిషాలూ అయిదో తరగతి నిన్నటి లెక్క ఒకటి చేసుకుంటుంది. తర్వాత 25 నిమిషాలు భిన్నాలు. చివరి పది నిమిషాలు అయిదో తరగతికి రెండు లెక్కలిచ్చి, ఆవిడ నాలుగు, మూడు తరగతుల వరసల మధ్య తిరుగుతూ పుస్తకాలు చూస్తుంది. దీన్ని తిరగేసి, ముందు పాఠం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అప్పుడు పాఠం మధ్యలో "మేడమ్, మమ్మల్నేం చెయ్యమన్నారు?" అని ఒకడు లేస్తాడు, ఇక ఆ పీరియడ్ చేజారిపోయినట్టే.

గడుల జోడింపులో ఇంకో జాగ్రత్త ఉంది. ఒకే గదిలో రెండు నోరున్న సబ్జెక్టులు పక్కపక్కన పడవు. ఒక తరగతి తెలుగు బిగ్గరగా చదువుతుంటే రెండోది ఇంగ్లిష్ వినలేదు. అందుకే ఎక్కడ చదివింపు ఉందో దాని పక్కన లెక్కలో, బొమ్మో, రాతో ఉంటుంది. చార్టును నిలువుగా చదివితే ఈ నియమం ఒక్కచోట కూడా తప్పలేదు. వేసినవాళ్లకే తెలుస్తుంది అది ఎంత కష్టమో, ఒక గడి కదిపితే నాలుగు కదులుతాయి.

భోజనం గంట విషయంలోనూ అంతే ఎరుక. వడ్డించేముందు టీచరు అన్నం, కూర రుచి చూడాలి, అది నియమం. కాబట్టి నాలుగో పీరియడ్ చివరి పది నిమిషాలు మేడమ్ గదిలో ఉండదు. ఆ పీరియడ్‌లో ఆవిడ ఎక్కడా లెక్కలు పెట్టలేదు. పెద్దగదిలో ఆ వేళకు ఎప్పుడూ చదివింపో డిక్టేషనో ఉంటుంది, మధ్యలో ఆపినా నష్టం లేనివి. తిన్న తర్వాతి పీరియడ్ అన్నిటికన్నా మొండిది. కంచాలు కడుక్కుని, నీళ్లు తాగి, ఒక్కొక్కరే వచ్చి కూర్చునేసరికి ఐదారు నిమిషాలు పోతాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పే మూడు పీరియడ్లనూ అక్కడే పెట్టింది. ఆలస్యంగా వచ్చినవాడు కూడా మాటల మధ్యలో కలవగలడు, కావాలంటే లేచి వేపచెట్టు కిందికి పోవచ్చు.

చార్టు వెనక రెండు చిన్న పట్టికలున్నాయి. ఒకటి "ఒక్కరే ఉన్న రోజు". సెలవో, కాంప్లెక్స్ మీటింగో, ట్రైనింగో పడితే ఐదు తరగతులూ ఒకరి మీదే. ఆ రోజు కొత్త లెక్కల పాఠం ఉండదు, ఒకటో తరగతి పిల్లల చదువు అయిదో తరగతివాళ్లు వింటారు. జరగని ఎర్రగడికి మేడమ్ పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. నెలాఖరున ఆ సున్నాలు ఎక్కడ గుమిగూడాయో చూస్తుంది. ఒకసారి నాలుగో తరగతి ఇంగ్లిష్‌కు సున్నాలు ఎక్కువయ్యాయి. నాలుగు పీరియడ్లలో రెండు శనివారం పడ్డాయి, రెండో శనివారం సెలవు. అందులో ఒకదాన్ని బుధవారానికి మార్చింది.

రెండోది ఒంటిపూట బడి పట్టిక. ఎనిమిదింటి నుంచి పన్నెండున్నర దాకా అంటే ప్రేయరు, ఇంటర్వెల్ పోగా నాలుగు గంటలు. ఎనిమిది పీరియడ్లనూ 30 నిమిషాలకు కుదించడం తేలిక, చాలామంది చేసేదదే. కానీ పని అప్పజెప్పడానికి ఐదు, సరిచూడటానికి పది నిమిషాలు ఎప్పుడైనా తప్పవు. 30 నిమిషాల పీరియడ్‌లో పాఠానికి మిగిలేది పావుగంటే. అందుకని ఆవిడ 40 నిమిషాలను ముట్టుకోలేదు, పీరియడ్లనే ఆరుకు తగ్గించింది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీవాళ్లు ఈ చిక్కును ఇంకోలా విప్పారు. పీరియడ్లనే పక్కనపెట్టి పాఠాన్ని కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెనలా పేర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తీసుకుంటాడు, టీచరు సాయం ఎంత కావాలో దాన్నిబట్టి గుంపులు కూర్చుంటాయి. దానికి కార్డులు కావాలి, వాటిమీద శిక్షణ కావాలి. మామూలు బడిలో అవి లేనిచోట మేడమ్ చార్టు నాకు ఎక్కువ పనికొచ్చేదిగా తోస్తుంది.

లోటు లేదని కాదు. మూడో తరగతికి వారానికి 42 పీరియడ్లలో టీచరు దొరికేది 17. అటు చిన్నపిల్లలకిచ్చే దగ్గరితనం వీళ్లకు దక్కదు, ఇటు అయిదో తరగతివాళ్లలా ఒంటరిగా చదువుకునే శక్తీ రాలేదు. నీలిగడి నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను: "ఇది అయిపోయాక ఏం చేస్తావు?" నాలుగు, ఐదు తరగతులవాళ్లు టక్కున చెప్పారు. మూడో తరగతిలో ముగ్గురు బోర్డు వైపు చూశారు, అక్కడ రాసింది వాళ్లకు ఇంకా చదవడం రాదు.

ఆ సంగతి మేడమ్‌కు నాకంటే ముందే తెలుసు. చార్టు అడుగున "దసరా సెలవుల తర్వాత" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అప్పటికి ఒకటో తరగతి పిల్లలు 20 నిమిషాలు కుదురుగా కూర్చోగలుగుతారు. వాళ్ల తొమ్మిది తెలుగు పీరియడ్లలో మూడు తగ్గి మూడో తరగతి చదివింపులో కలుస్తాయి. అక్కణ్నుంచి మూడో తరగతి పిల్లలు చిన్నగదిలోకి వెళ్లేది వారంలో మూడు రోజులు కాదు, ఆరు రోజులూ.