ముందు రాయి, తర్వాతే జాకీ

లారీ ఎత్తు మీద ఆగితే క్లీనర్ ముందుగా చేసే పని, దిగి చక్రం వెనక కర్రదిమ్మె గానీ రాయి గానీ పెట్టడం. డ్రైవరు హ్యాండ్ బ్రేకు వేశాడా లేదా అని చూడడు. కారు నడిపేవాళ్లు ఈ అలవాటు నేర్చుకోలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వదిలితే చాలనుకుంటారు. చదును నేల మీద చాలా సార్లు అది నిజమే. వాలు మీద, అందులోనూ ఒక చక్రం గాల్లోకి లేచాక, కాదు.

ఆదిభట్ల దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద, ఎత్తు ఎక్కుతుండగా ముందు ఎడమ టైరు పంచరైందనుకుందాం. నూరు అడుగులకు అయిదు అడుగులు లేచే వాలు. వెయ్యి కిలోల కారును అది వెనక్కి లాగే బలం సుమారు 50 కిలోల బరువుకు సమానం. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజను తిప్పేది ముందు చక్రాలను, హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. ఎడమ చక్రం లేవగానే, డిఫరెన్షియల్ వల్ల అది స్వేచ్ఛగా తిరుగుతుంది, కుడి చక్రానికి గేరు పట్టు ఉండదు. ఇక కారంతా హ్యాండ్ బ్రేకు తీగ మీదే ఆధారపడుతుంది. అందుకే రెండు వెనక చక్రాలకూ వెనకవైపు రాళ్లు పెట్టాలి. పంచరు వెనక టైరుకైతే, ముందు చక్రాలకు పల్లం వైపు పెట్టాలి.

టైరు పాడైనా సరే, చదునైన చోటు దగ్గర్లో ఉంటే మెల్లగా అక్కడికి నడపడమే మేలు. లేకపోతే రోడ్డుకు వీలైనంత ఎడంగా ఆపి, హజార్డ్ లైట్లు వేయాలి. గుండ్రటి రాయి దొర్లిపోతుంది, పిడికెడంత రాయి మీదికి టైరు ఎక్కేస్తుంది. పలకలుగా, మూలలున్న పెద్ద రాయి కావాలి. పెట్టాక, కాలు బ్రేకు మీదే ఉంచి హ్యాండ్ బ్రేకు కొద్దిగా వదిలి, కారును రాళ్లకు ఆననిచ్చి మళ్లీ లాగాలి.

జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే, నట్లను ఒక అరచుట్టు వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రాన్ని పానాతో గుంజితే కారు ఊగుతుంది.

జాకీ పెట్టే చోటు తలుపు కింద రేకు అంచున ఉంటుంది. ముందు చక్రం వెనక, అంచు మీద రెండు చిన్న గాట్లుంటాయి, జాకీ తల గాడి వాటి మధ్య కూర్చోవాలి. ప్లాస్టిక్ అంచు కిందో, నేలరేకు కిందో పెడితే వంగుతుంది, జారుతుంది. మట్టి మెత్తగా ఉంటే కింద పలక వేయండి. రెండంగుళాలు లేచాక ఆగి పక్కనుంచి చూడండి. జాకీ పల్లం వైపు వాలితే, లేదా దాని అడుగు ఒక అంచు లేస్తే, కారు కదిలిందన్నమాట. దింపి రాళ్లు సరిచేయాలి. స్టెప్నీని కారు కింద అడ్డంగా పడుకోబెడితే జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. కారు కిందికి చెయ్యీ కాలూ పెట్టకూడదు.

కొత్త చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, కారు దించి, మళ్లీ గట్టిగా బిగించాలి. రాళ్లు చివర తీయాలి, అప్పుడు కాలు బ్రేకు మీద ఉండాలి. తీసిన రాళ్లు రోడ్డు పక్కకు విసిరేయాలి. మనల్ని ఆపిన రాయి, చీకటి పడ్డాక బైకు మీద వచ్చేవాడికి తగలకూడదు.