ఊపిరి పెట్టే గీత

మా ఊరి గ్రంథాలయ వార్షిక నివేదిక చిత్తుప్రతిని మొన్న రాత్రి పెన్సిలు పట్టుకుని పైకి చదివాను. ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఒక గీత. కంటికి ఏ లోపమూ కనబడని ఈ వాక్యం దగ్గర గొంతు తడబడింది:

“గత ఏడాది వర్షాలకు పైకప్పు కారి తడిసిపోయిన పుస్తకాలను ఎండబెట్టి, చెడినవాటిని వేరుచేసి, బాగు చేయదగినవాటిని బైండింగుకు పంపి, అందుకైన ఖర్చును దాతల నుంచి సేకరించి, తిరిగి వచ్చిన పుస్తకాలకు కొత్త నంబర్లు వేసి, బీరువాల్లో సర్దించిన కార్యదర్శి గారికి కమిటీ కృతజ్ఞతలు తెలుపుతోంది.”

మొత్తం 32 మాటలు. ఈ పనులన్నీ ఎవరు చేశారో 28వ మాట దాకా తెలియదు. తెలుగు వాక్యానికి క్రియ చివర్న వస్తుంది. కన్ను ముందుకు దూకి దాన్ని చూసేస్తుంది. గొంతుకు ఆ వీలు లేదు, దారంతా నడవాల్సిందే. అందుకే నా చివరి గీత “సర్దించిన” తర్వాత పడింది. విశేషణానికీ దాని నామవాచకానికీ మధ్య ఊపిరి తెగిందంటే, ఆ వాక్యం మనిషి మోయగలిగినంత బరువులో లేదన్నమాట.

విప్పి రాశాను:

“గత ఏడాది వర్షాలకు పైకప్పు కారింది. పుస్తకాలు తడిశాయి. కార్యదర్శి గారు వాటిని ఎండబెట్టించి, చెడినవాటిని వేరుచేసి, మిగిలినవాటిని దాతల సాయంతో బైండు చేయించారు. ఇవాళ అవి కొత్త నంబర్లతో బీరువాల్లో ఉన్నాయి. ఆయనకు కమిటీ కృతజ్ఞతలు.”

ఐదు, రెండు, పదకొండు, ఆరు, మూడు. ఎంత అందమైన నడక! “పుస్తకాలు తడిశాయి” అన్న రెండు మాటల దగ్గర గది నిశ్శబ్దమవుతుంది. ఆ నష్టం మనసుకు తగలడానికి చోటు దొరుకుతుంది. తర్వాతి పొడవాటి వాక్యంలో ఆయన శ్రమ సాగుతుంది. “ఎండబెట్టించి, వేరుచేసి” అనే ఇకారాల వరస ఐదుసార్లు వస్తే ఆయాసం, రెండుసార్లు వస్తే అల. చివరి వాక్యానికి క్రియే లేదు. తెలుగు ఇచ్చే ఆ వెసులుబాటు నమస్కారంలా చేతులు జోడించి ఆగుతుంది.

తర్వాతి పేజీలో చెవికి మరో జబ్బు దొరికింది. “సమావేశం నిర్వహించడం జరిగింది. పుస్తకాలు కొనడం జరిగింది. రంగులు వేయించడం జరిగింది.” క్రియ చివర్న ఉండే భాషలో విసుగు కూడా చివర్నే మోగుతుంది. “సమావేశం జరిపి, పుస్తకాలు కొన్నాం. గోడలకు రంగులు వేయించాం” అనగానే పనిచేసిన మనుషులు వాక్యంలోకి తిరిగొచ్చారు. అయితే అన్నిటినీ రెండేసి మాటలకు కోస్తే అదీ సుత్తి దెబ్బల మోతే.

రాసినవాడి గొంతుకు ఒక బలహీనత ఉంది: ఎక్కడ ఆగాలో ముందే తెలుసు కాబట్టి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే మర్నాడు కాగితం మా అమ్మాయి చేతికిచ్చి, గీతలు లేని ప్రతిని చదవమన్నాను. “తడిశాయి” దగ్గర తను తనంతట తానే ఆగింది.