గుంత పూడ్చకముందే అడగాలి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఇల్లు మొదలుపెడితే, ఎస్టిమేట్‌లో రాసిన లోతు చివరిదాకా నిలబడటం అరుదు. పత్తికీ మిరపకీ అచ్చొచ్చిన ఈ మట్టి పునాదికి అచ్చిరాదు. వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి కుంగుతుంది. ఆ ఉబ్బూ కుంగూ ఉన్న పొర దాటి గట్టి నేల మీద ఫుటింగ్ కూర్చోకపోతే రెండు మూడు వానాకాలాలకే గోడలు బీటలిస్తాయి. కాగితం మీద 5 అడుగులని ఉంటుంది, తవ్వితే 5 అడుగుల దగ్గర ఇంకా నల్లగానే ఉంటుంది. అప్పుడు కాంట్రాక్టరు ఫోన్ తీస్తాడు.

ఈమధ్య ఒక కుర్ర కాంట్రాక్టరు తన మెసేజ్ నాకు చూపించి, "పంపేయమంటారా అన్నా?" అన్నాడు. ఇంటి యజమాని వాళ్ల ఊరివాడే, డాలస్‌లో ఉద్యోగం. మెసేజ్ ఇదీ: "అన్నయ్యగారూ, గుంతల్లో ఇంకా నల్లమట్టే ఉంది. ఇంకొంచెం లోతుకెళ్లాలి. ఖర్చు కాస్త ఎక్కువ అవుద్ది. మీరేం కంగారు పడొద్దు, నేను చూసుకుంటా."

మర్యాదగానే ఉంది, అబద్ధం ఒక్కటీ లేదు. కానీ దీనికి ఆయన "సరే" అంటే దేనికి సరే అన్నట్టు? ఆయన మనసులో 10 వేలు, ఇతని మనసులో 50 వేలు. "నేను చూసుకుంటా" అన్న మాట ఇంకా ప్రమాదం. ఖర్చు కూడా ఇతనే చూసుకుంటాడని ఆయన అనుకుంటే తప్పేముంది?

మెసేజ్ దిద్దే ముందు ఇంకో పని చేయమన్నాను. పన్నెండు గుంతల్లో ఒకటి మాత్రం గట్టి నేల తగిలేదాకా తవ్వించు, యజమాని వద్దంటే ఆ ఒక్కదాని ఖర్చు నీదే అన్నాను. ఏడున్నర అడుగుల దగ్గర మొరం తగిలింది. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి అక్కడ కూర్చోబెట్టవచ్చన్నాడు. గుంతలో టేపు వేలాడదీసి, అంకె కనపడేలా, నల్లమట్టి ఎక్కడ ఆగి మొరం ఎక్కడ మొదలైందో తెలిసేలా ఫొటో తీశారు. టేపు లేని గుంత ఫొటో ఏ ఊరి గుంతైనా కావచ్చు.

ఆ తర్వాతే లెక్క. గుంత 5 అడుగులు బై 5 అడుగులు, లోతు రెండున్నర అడుగులు పెరిగింది, పన్నెండు గుంతలకి 750 ఘనపుటడుగుల తవ్వకం. పిల్లర్లు కూడా అంత మేర పొడవవుతాయి కాబట్టి వాటికి ఇనుమూ కాంక్రీటూ పెరుగుతాయి. చాలామంది మరిచిపోయే ఖర్చు ఇంకొకటుంది. తవ్వి తీసిన రేగడి మళ్లీ గుంతలో వేయకూడదు, పిల్లరు చుట్టూ అది మళ్లీ ఉబ్బుతుంది. కాబట్టి గ్రావెల్ తోలించి దిమ్మిస కొట్టాలి. ఈ ఇంటి లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకె అదే. మొదటి మెసేజ్‌లో దాని ఊసే లేదు.

చివరికి వెళ్లిన మెసేజ్ ఇది:

"నమస్తే అన్నయ్యగారూ. మన అగ్రిమెంట్‌లో పునాది లోతు 5 అడుగులు. అక్కడ ఇంకా నల్లరేగడే ఉంది. ఒక గుంత తవ్వి చూస్తే ఏడున్నర అడుగుల దగ్గర మొరం తగిలింది, ఫొటో పంపాను. ఇంజనీరుగారు చూసి అక్కడిదాకా వెళ్లాలన్నారు. అదనపు ఖర్చు: తవ్వకం 9,000, గ్రావెల్ 9 ట్రిప్పులు కూలితో 22,500, ఇనుము 112 కిలోలు 8,400, కాంక్రీటు 7,000. మొత్తం 46,900 రూపాయలు. మిగతా గుంతల్లో మొరం కాస్త పైనో కిందో తగలొచ్చు. బిల్లు కొలత ప్రకారమే వేస్తాను. 52,000 దాటేట్టుంటే ఆపి మళ్లీ అడుగుతాను. పని నాలుగు రోజులు పెరుగుతుంది. ఇలా వద్దనుకుంటే ఇంజనీరుగారితో పైల్ పునాది డిజైన్ చేయించవచ్చు, దానికి ఎస్టిమేట్ వేరే వస్తుంది. 5 అడుగుల దగ్గరే ఆపడానికి ఆయన ఒప్పుకోలేదు. మాకు గురువారం ఉదయం 8, మీకు బుధవారం రాత్రి 9:30 లోపు చెప్పండి. వాన పడితే గుంతలు కూలిపోతాయి. మీ జవాబు వచ్చేదాకా పని ఆపి ఉంచుతాను. సమ్మతమైతే '46,900కి ఒప్పుకున్నాను' అని రాయండి."

రేట్లు ఆ ఊరివి, మీ ఊళ్లో వేరే ఉంటాయి. మిగతాదాంట్లో నేను పట్టుబట్టి రాయించినవి రెండు. ఒకటి 52,000 హద్దు. నేల లోపల ఏముందో పూర్తిగా ఎవరికీ తెలియదు కాబట్టి ఒకే అంకెకి కట్టుబడితే కాంట్రాక్టరు మునుగుతాడు, అంకె లేకపోతే యజమాని మునుగుతాడు. రెండోది "పని ఆపి ఉంచుతాను" అన్న వాక్యం. కుర్రవాడు దాని బదులు "జవాబు రాకపోతే సరే అనుకుంటాను" అని రాయబోయాడు. నిద్రపోతున్న మనిషి మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకుంటే బిల్లు రోజున గొడవ ఖాయం.

"ముందు చేసేద్దాం, మేలు పొందాక ఇవ్వక ఏం చేస్తారు" అనేవాళ్లున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్‌లో అలాంటి ఆధారం కొంత ఉన్న మాట నిజమే. ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పనివల్ల ఎదుటివాడు లాభం పొందితే పరిహారం ఇవ్వాలంటుంది. అయితే బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు, వద్దనే అవకాశం ఎదుటివాడికి ఉండాలని స్పష్టం చేసింది. పూడ్చేసిన ఫుటింగ్‌ని ఎవరైనా వద్దని వెనక్కి ఎలా ఇస్తారు? కోర్టుకెక్కి ఆ వాదన గెలవడం కంటే గుంత తెరిచి ఉండగా ఒక మెసేజ్ పెట్టడం చౌక.

ఆ డాలస్ పెద్దమనిషి మొదట బొటనవేలు బొమ్మ పంపాడు. చూశానని చెప్పడమా, చేయమని చెప్పడమా? కెనడాలో ఒక రైతు ఇదే చిక్కులో పడ్డాడు. అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని కొనేవాళ్లు ఫొటో తీసి పంపి ఖాయం చేయమంటే బొటనవేలు బొమ్మ పెట్టాడు. అందిందని చెప్పానంతేనని తర్వాత వాదించాడు. 2023లో సస్కాచెవాన్ కోర్టు అది ఒప్పుకున్నట్టేనని తేల్చి 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. మన కోర్టులు ఆ తీర్పును పాటించాలని లేదు. మా కుర్రవాడు దాని మీద ఆధారపడలేదు. "అన్నయ్యగారూ, అంకె కూడా రాయండి" అని మళ్లీ అడిగాడు. రాత్రికి అంకెతో జవాబు వచ్చింది, గురువారం ఉదయం కూలీలు గుంతల్లోకి దిగారు.

ఇల్లు కట్టించుకుంటున్నవారికి ఒక మనవి. ఇలాంటి మెసేజ్ వస్తే మీ కాంట్రాక్టరు దండుకోవడానికి చూస్తున్నాడని వెంటనే అనుకోకండి. టేపుతో ఫొటో, వివరంగా లెక్క, ఇంజనీరు మాట అడగండి. ఆ మూడూ ఉంటే గడువులోపు అంకెతో సహా జవాబు రాయండి. ఏ ఒక్కటి లేకపోయినా గుంత పూడ్చవద్దని రాయండి.