రోలు రుచి పోలేదు

కోయంబత్తూరు పీలమేడులో మా పెద్దాయన ఒకరుండేవారు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక కూర్చుని నేర్చుకున్నారు. ఆంధ్రకు వెళ్లే గ్రైండర్ల బ్రోషర్లు తెలుగులోకి తెచ్చే పనికి ఆయన చేతిలో పడితే ఆ కాగితానికి ప్రాణం వచ్చేది. ఆ పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

మా పూర్వులు మదురై నాయకరాజుల కాలంలో వచ్చారంటారు, ఇంకా ముందే వచ్చారనీ అంటారు. 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరు ఇది. ఇక్కడి వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. సరుకు ఇంత పేరున్నది కాబట్టి దాని మాట కూడా అంత బాగుండాలని పెద్దాయన పట్టుదల.

ఒక కంపెనీ ఇంగ్లీషు బ్రోషర్ మొదటి పేజీలో, బటన్ నొక్కితే చాలు, రాతిలో రుబ్బిన రుచి వస్తుందన్న అర్థంలో ఒక నినాదం ఉంది. మాటకు మాట పెట్టినవాళ్లు దాన్ని ‘ఒక బటన్ స్పర్శతో రాతి రుచి’ అన్నారు. రాతికి రుచేమిటి! పెద్దాయన ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టేసి, కొనే ఇల్లాలి మనసులో ఏముందో వెతికారు. మిషన్ పిండికి రోటి పిండి రుచి రాదన్న అనుమానం ఒకటి, పొత్రం తిప్పి తిప్పి నొప్పెట్టిన భుజం ఒకటి. రెండింటికీ జవాబుగా రాశారు: ‘రోలు రుచి పోలేదు, రుబ్బే శ్రమ పోయింది.’ బటన్ ఎక్కడా లేదు. అయినా చెప్పవలసిందంతా అందులోనే ఉంది.

లోపలి పేజీలు ఇంకా కష్టం. గ్రైండ్ అన్న ఒక్క మాటకు మన వంటింట్లో ఎన్ని క్రియలు! మినప్పప్పు రుబ్బుతాం, పచ్చడి నూరుతాం, కారం దంచుతాం, తిరగలిలో విసురుతాం. అన్నిచోట్లా ‘రుబ్బు’ అని పెడితే వంట తెలియనివాడు రాశాడని ఇట్టే పట్టేస్తారు. తమిళ ప్రతి నుంచి తెచ్చేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. అక్కడ గృహిణిని ‘ఇల్లత్తరసి’ అంటారు, చక్కటి మాట. దాన్ని ‘ఇంటి రాణీ’ అని దించితే మన చెవికి నాటకం డైలాగులా ఉంటుంది. ఆయన ఆ పిలుపే తీసేసి, ‘మీ ఇంట్లో’ అంటూ మొదలుపెట్టేవారు. తమిళంలో మల్లెపూవులాంటి ఇడ్లీ అయితే తెలుగులో దూదిలాంటి ఇడ్లీ. దోసె బొమ్మ పక్కన పెసరట్టు పెట్టించారు. పెసరట్టు పిండిని పులియబెట్టరు కాబట్టి, ఆ బొమ్మ కిందున్న ‘చక్కగా పులిసే పిండి’ అన్న వాక్యం కొట్టేసి ‘పొట్టుతోనే మెత్తగా’ అని రాశారు. పొంగల్ తగ్గింపు సంక్రాంతి తగ్గింపయింది.

అయితే ఆయన చెయ్యి ఒక గీత దాటేది కాదు. లీటర్లు, వాట్లు, వారంటీ షరతులు, షాక్ హెచ్చరికలు ఉన్నవి ఉన్నట్టే రావాలి. అక్కడ అందం కోసం ఒక్క మాట మార్చినా కొన్నవాళ్లకు అబద్ధం చెప్పినట్టే.

మా ఊళ్ల తెలుగులో తమిళం కలిసిపోయింది కాబట్టి ఆయన తన చెవిని ఒక్కదాన్నే నమ్మేవారు కాదు. నెల్లూరు నుంచి వచ్చిన కోడలికి ప్రతి పేజీ చదివి వినిపించేవారు. ‘పిండి పది నిమిషాల్లో మెత్తబడుతుంది’ అని చదవగానే ఆ అమ్మాయి, “పొడి పిండా మామయ్యా?” అంది. నిజమే, మనకు పొడిదీ పిండే, రుబ్బినదీ పిండే. అక్కడికక్కడే అది ‘నానిన పప్పు పది నిమిషాల్లో వెన్నలా నలుగుతుంది’గా మారింది. నిమిషాల లెక్క మాత్రం కదల్లేదు.

ఇప్పుడొచ్చే కాగితాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ‘తడి గ్రైండర్’ అట! గ్రైండర్ తడిసిందనుకుంటారు. పేజీ కూర్చేవారికి తెలుగు రాదు, సాఫ్ట్‌వేర్‌లో మన లిపుల అమరిక ఎంచుకోరు. వత్తు అక్షరం కింద చేరకుండా విడిపోయి పక్కన నిలబడుతుంది. లక్షలు పోసి ఫొటోలు తీయించి, మాటలకు పేజీకింతని చిల్లర విదిలిస్తారు. అమృతాంజనం అనే పేరుతోనే సగం సరుకు అమ్మిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి భాషకు ఈ గతా?

మదురైలో, కోయంబత్తూరులో రెండు భాషలూ తల్లి ఒడిలోనే నేర్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పనికి వాళ్లను మించినవాళ్లు ఎక్కడా లేరని నేను ఎవరితోనైనా వాదిస్తాను. కంపెనీల యజమానులను అడిగేది ఒక్కటే. అచ్చుకు పంపేముందు ఆ కాగితాన్ని మన వీధిలో ఒక వంటింటి గడప దగ్గర కూర్చుని పైకి చదివించండి. లోపలినుంచి ఎవరైనా “ఏమన్నారూ?” అని అడిగితే ఆ వాక్యం మళ్లీ రాయించండి.