ముందేది, వెనకేది: లాంపోర్ట్ లెక్కలోని పనితనం

ఒక సంఘటన ముందు జరిగిందా, వెనక జరిగిందా అని తేల్చడానికి గడియారం చూడక్కర్లేదని 1978లో లెస్లీ లాంపోర్ట్ ఒక పత్రంలో చూపించారు. జాన్సన్, థామస్‌ల నోటు ఒకటి చదివాక ఆ ఆలోచన వచ్చిందట. ఒక్కో యంత్రానికి ఒక్కో కౌంటర్, రెండే నియమాలు. ఏ పని జరిగినా కౌంటర్ ఒకటి పెరగాలి. సందేశం పంపితే ఆ అంకె దానితోపాటు వెళ్లాలి. అందుకున్న యంత్రం తన అంకెనూ వచ్చిన అంకెనూ పోల్చి, పెద్దదానికి ఒకటి కలుపుకోవాలి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత గట్టి కట్టడం కట్టినవాళ్లు ఈ రంగంలో అరుదు.

దీని విలువ ఒక ఉదాహరణతో తేలుతుంది. సర్వర్ ‘క’ గడియారం సరిగ్గా ఉంది, ‘ఖ’ గడియారం 40 మిల్లీసెకన్లు వెనకబడింది. ‘క’ తన గడియారం 100వ మిల్లీసెకను చూపినప్పుడు ధరను 500గా రాసింది. ఆ సంగతి 10 మిల్లీసెకన్లలో ‘ఖ’కు చేరింది. మరో 5 మిల్లీసెకన్లకు ‘ఖ’ దాన్ని చూసి 450గా దిద్దింది. అప్పటికి ‘ఖ’ గడియారంలో 75 మాత్రమే. ‘చివరి రాత గెలుస్తుంది’ అనే పద్ధతిలో 100దే పైచేయి, దిద్దుబాటు చడీచప్పుడూ లేకుండా మాయం. లాంపోర్ట్ లెక్కలో ‘క’ రాతకు 8 పడిందనుకుందాం. ‘ఖ’ కౌంటర్ 3 దగ్గరున్నా, సందేశం అందగానే max(3, 8) + 1, అంటే 9 అవుతుంది, దిద్దుబాటుకు 10. కారణం కంటే ఫలితానికి చిన్న అంకె పడే అవకాశమే లేదు. రెండు యంత్రాల్లో ఒకే అంకె వస్తే యంత్రాల పేర్ల వరుసతో తేల్చేస్తారు.

గడియారాలను ఇంకా బాగా సరిచేస్తే పోదా అంటారు. స్ఫటికం వేగం వేడికీ వయసుకూ మారుతుంది. సరిచేసే సందేశమూ నెట్‌వర్క్‌లో ఎంతసేపు నడిచిందో కచ్చితంగా తెలియదు. జీపీఎస్, అణుగడియారాలు పెట్టుకున్న గూగుల్ స్పానర్ కూడా సమయాన్ని ఒక బిందువుగా కాక ‘ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అని చెబుతుంది. ఆ అనిశ్చితి తీరేదాకా ఆగి, ఆ తర్వాతే రాతను ఖాయం చేస్తుంది. అంతటి ఖర్చు పెట్టినవాళ్లే ఒప్పుకున్న హద్దును మనం కాదనగలమా?

లాంపోర్ట్ లెక్కకూ హద్దులున్నాయి. అంకె చిన్నదైనంత మాత్రాన అది ముందు జరిగిందని కాదు. పరస్పరం తెలియని రెండు పనులను గుర్తించాలంటే వెక్టర్ క్లాక్ కావాలి. ఇద్దరు ఫోన్‌లో మాట్లాడుకుంటే ఆ సంగతి కౌంటర్‌కు తెలియదు. ఈ లోపాన్ని లాంపోర్టే తన పత్రంలో చెప్పారు. ఇంత నిజాయితీగల పనిముట్టును వదిలేసి, టైమ్‌స్టాంప్ ఒకటి అంటించి వరుస కుదిరిందనుకునే చవకబారు పని చూస్తే ఒళ్లు మండుతుంది. కోల్పోయిన రాత లాగ్‌లో తప్పుగా కనబడదు, వాడుకదారు ఫిర్యాదుగానే బయటపడుతుంది. డేటాబేస్ కట్టే మిత్రులారా, ఏది దేనికి కారణమో తేల్చాల్సిన చోట గోడ గడియారాన్ని సాక్షిగా పిలవకండి.