‘మీ గురించి చెప్పండి’ అంటే ఏం చెప్పాలి?

బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. నిజామాబాద్‌లో ఐటీ టవర్ 2023లో తెరుచుకుంది. అంతకు ముందు నుంచే ఇక్కడి చెరకు రైతుల పిల్లలు హైదరాబాద్ సర్వీసు కంపెనీల్లో చేరుతూ వచ్చారు. క్యాంపస్ ఇంటర్వ్యూకి వాళ్లంతా బట్టీ పట్టిన పరిచయం ఒక్కటే: పేరు, ఊరు, నాన్న వ్యవసాయం, బీటెక్ మార్కులు, హాబీలు. తడబడకుండా మాట్లాడితే అక్కడ సరిపోయేది.

నాలుగేళ్ల అనుభవంతో ప్రొడక్ట్ కంపెనీకి వెళ్తే అది చాలదు. అక్కడ అడిగేవాళ్లు చాలావరకు రేపు మీతో కలిసి పనిచేయబోయే ఇంజనీర్లే. ఈ మనిషి సొంతంగా ఏం తేల్చాడన్నదే వాళ్లకు కావాలి. సర్వీసు కంపెనీలో పని టికెట్‌గా వస్తుంది, జట్టుగా ముగుస్తుంది. అందుకే మనవాళ్ల నోట ‘మేం చేశాం’ అనే మాటే వస్తుంది.

బీమా క్లయింటు దగ్గర పనిచేసిన బోధన్ కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. ‘జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్ తెలుసు, నాలుగు ప్రాజెక్టులు చేశాం’ అంటే రెజ్యుమేను చదివి వినిపించినట్టే. దాన్ని ఇలా మార్చవచ్చు:

‘నేను నాలుగేళ్లుగా ఒక బీమా సంస్థ సాఫ్ట్‌వేర్‌లో బ్యాకెండ్ చూస్తున్నాను. రాత్రిపూట 40,000 పాలసీల ప్రీమియం లెక్కగట్టే జాబ్‌కు 5 గంటలు పట్టేది. ఒక్కో పాలసీకి ఒకసారి డేటాబేస్‌కు వెళ్లి వస్తోందని లాగ్‌లలో కనిపెట్టాను. 500 చొప్పున కలిపి 80 సార్లలోనే తెచ్చేలా మార్చాను. ఇప్పుడు 25 నిమిషాల్లో అయిపోతోంది. రిలీజ్ అయ్యాక మా జట్టు వేరే పనికి మారిపోతుంది. నేను రాసిందాన్ని వాడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి మెరుగుపరచాలని ఉంది, అందుకే వచ్చాను.’

ఇప్పుడు చేస్తున్న పని, తాను తేల్చిన ఒక సమస్య, ఇక్కడికి రావడానికి కారణం: మూడూ నిమిషంలో వచ్చేశాయి. క్లయింటు పేరు బయటపడలేదు, పాత కంపెనీ మీద ఫిర్యాదూ లేదు.

పరిచయం పనిచేసిందో లేదో తర్వాతి ప్రశ్నే చెబుతుంది. ‘ఇందులో మీరు చేసిందేమిటి?’ అని అడిగితే ‘నేను’ సరిగా వినిపించలేదని. ‘500 ఎందుకు, 5,000 ఎందుకు కాదు? మధ్యలో ఒక బ్యాచ్ ఫెయిలైతే?’ అని అడిగితే మీరు కోరుకున్న చోటికే వాళ్లు వచ్చారని. ఆ జవాబులు తెలియకపోతే మాత్రం ఇదే పరిచయం ఎదురు తిరుగుతుంది. తోటివాడి పనిని మన ఖాతాలో వేసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది. అయినా విషయాన్ని ముందు తెలుగులో స్నేహితుడికి చెప్పి చూడండి, ఎక్కడ డొల్లగా ఉందో వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఒకటిన్నర నిమిషం దాటితే కోసేయండి. వరసగా రెండు ప్రశ్నలకు నిలబడని వాక్యాన్ని మాత్రం మొహమాటం లేకుండా తీసేయండి.