జప్తు ఖాతాలో ఎవరి సొమ్ము ఎంత?

బీకాం కార్పొరేట్ అకౌంటింగ్ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు షేర్ల జప్తు లెక్క వచ్చిందంటే, నేను ముందు చివరి చిట్టా పద్దు చూస్తాను. కాపిటల్ రిజర్వ్‌కు ఎంత బదిలీ చేశారో చూస్తే చాలు, ఆ విద్యార్థికి పైనున్న పద్దులు అర్థమయ్యాయో, లేక గైడులోంచి వరుసగా బట్టీ పట్టారో తెలిసిపోతుంది. జప్తు పద్దు చాలామందికి సరిగానే వస్తుంది. తిరిగి జారీ చేసే పద్దూ వస్తుంది. ఆ రెండూ రాసినవాళ్లలో సగం మంది మూడో దగ్గర బోల్తా పడతారు. కారణం ఒక్కటే: జప్తు ఖాతాను వాళ్లు ఒకే మొత్తంగా చూస్తారు. అందులో ఏ రూపాయి ఎవరిదో, ఏ షేరు మీద వచ్చిందో అడగరు.

ఒక లెక్క తీసుకుందాం. 10 రూపాయల షేరును 2 రూపాయల ప్రీమియంతో ఒక కంపెనీ జారీ చేసింది. దరఖాస్తుతో 3, అలాట్‌మెంట్‌కు ప్రీమియంతో కలిపి 5, ఫస్ట్ కాల్ 2, ఫైనల్ కాల్ 2. పరీక్ష పేపర్లలో ఎప్పుడూ బాకీ పడే మన రాము, సోము ఇక్కడా ఉన్నారు. రాముకు 100 షేర్లు; దరఖాస్తు డబ్బు తప్ప ఇంకేమీ కట్టలేదు. సోముకు 200 షేర్లు. అలాట్‌మెంట్ దాకా కట్టి రెండు కాల్స్ ఎగ్గొట్టాడు. ఫైనల్ కాల్ తర్వాత కంపెనీ ఇద్దరి షేర్లనూ జప్తు చేసింది. అందులో రాము షేర్లు నూరూ, సోము షేర్లలో 50, మొత్తం 150 షేర్లను పూర్తిగా చెల్లించినవిగా ఒక్కొక్కటి 8 రూపాయలకు తిరిగి అమ్మింది.

అసలు జీవితంలో ఈ జప్తు ఒక్క కలంపోటుతో అయ్యేది కాదు. కంపెనీల చట్టం 2013 మొదటి షెడ్యూలులోని టేబుల్ ఎఫ్ నియమాల ప్రకారం, బాకీదారుకు నోటీసు ఇచ్చి, అది అందిన నాటి నుంచి కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే బోర్డు తీర్మానం చేయాలి. చిట్టా పద్దు ఆ తీర్మానం తర్వాతే పుడుతుంది. పేపర్లో ‘జప్తు చేయబడినవి’ అన్న రెండు మాటల వెనుక ఇంత తతంగం ఉంది.

ఇక రాము పద్దు.

ఈక్విటీ షేర్ కాపిటల్ ఖాతా డెబిట్ 1,000
సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా డెబిట్ 200
షేర్ల జప్తు ఖాతాకు 300
షేర్ అలాట్‌మెంట్ ఖాతాకు 500
షేర్ ఫస్ట్ కాల్ ఖాతాకు 200
షేర్ ఫైనల్ కాల్ ఖాతాకు 200

ఇక్కడ జరిగిందల్లా పాత పద్దులను వెనక్కి తిప్పడమే. అలాట్‌మెంట్ సొమ్ము రావలసి ఉందని రాసిన రోజున, డబ్బు చేతికి అందకముందే కాపిటల్‌కు, ప్రీమియానికి క్రెడిట్ ఇచ్చేశాం. రాము కట్టలేదు కాబట్టి ఆ ప్రీమియం రద్దు కావాలి. కట్టని అలాట్‌మెంట్, కాల్స్ ఆయా ఖాతాల్లో డెబిట్ నిల్వలుగా నిలిచి ఉన్నాయి కాబట్టి అవి మూసుకోవాలి. లెక్కలో బకాయిలన్నీ ‘కాల్స్ ఇన్ అరియర్స్’ ఖాతాకు మార్చి ఉంటే, ఆ మూడు క్రెడిట్ల స్థానంలో 900 ఒక్కటే వస్తుంది. చివరికి మిగిలిన 300, రాము నిజంగా ఇచ్చిన డబ్బు. అదే జప్తు ఖాతాలోకి చేరింది.

సోము పద్దు ఇంకోలా ఉంటుంది. కాపిటల్ ఖాతా 2,000 డెబిట్. జప్తు ఖాతాకు 1,200, ఫస్ట్ కాల్‌కు 400, ఫైనల్ కాల్‌కు 400 క్రెడిట్. ప్రీమియం ఊసే లేదు. సోము షేరుకు 8 చొప్పున 1,600 కట్టాడు కదా, జప్తు ఖాతాకు 1,600 వేయాలి కదా అని తరగతిలో ప్రతి ఏడూ ఒకరైనా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆ 1,600లో 400 ప్రీమియం. ఒకసారి చేతికి అందిన ప్రీమియాన్ని కదిలించకూడదు. బోనస్ షేర్ల జారీ, ప్రాథమిక ఖర్చుల రద్దు లాంటి కొన్ని పనులకు మాత్రమే దాన్ని వాడాలని 52వ సెక్షన్ కట్టడి చేసింది. షేరు జప్తు కావడం ఆ జాబితాలో లేదు. అందుకే సోము కట్టిన ప్రీమియం ఉన్నచోటే ఉంటుంది, మూలధనం కింద కట్టిన షేరుకు 6 చొప్పున మాత్రమే జప్తు ఖాతాకు వెళ్తుంది.

ఈ తేడా పరీక్ష పేపర్లో 2 రూపాయలే కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది. 2020లో రిలయన్స్ ఇండస్ట్రీస్ రైట్స్ ఇష్యూ గుర్తుందా? షేరు ధర 1,257 రూపాయలు, ముఖ విలువ 10. దరఖాస్తుతో కట్టించుకున్నది 314.25, అందులో మూలధనం 2.50, ప్రీమియం 311.75. ఎవరైనా ఆ మొదటి వాయిదాతో ఆగిపోయి, వాళ్ల షేరు జప్తు అయిందనుకుందాం. పోగొట్టుకున్నది మూడువందల పైచిలుకు, జప్తు ఖాతాలో కనిపించేది రెండున్నర! ఈ ఉదాహరణ చెప్పాక మా తరగతిలో ప్రీమియం పద్దు తప్పు రాసేవాళ్లు తగ్గారు.

ఇంకో తప్పు పొడిగా చెప్పి వదిలేస్తాను. ఫైనల్ కాల్ పిలవకముందే జప్తు చేస్తే, కాపిటల్ ఖాతాకు 10 చొప్పున కాదు, అప్పటిదాకా పిలిచిన 8 చొప్పునే డెబిట్. పిలవని డబ్బును కాపిటల్‌లో ఎవరూ జమ చేయలేదు, తీసేయడానికి.

ఇప్పుడు తిరిగి జారీ. 150 షేర్లు, 8 రూపాయలకు. బ్యాంకు ఖాతా డెబిట్ 1,200, షేర్ల జప్తు ఖాతా డెబిట్ 300, ఈక్విటీ షేర్ కాపిటల్ ఖాతాకు 1,500. షేర్లను డిస్కౌంటుకు జారీ చేయకూడదని 53వ సెక్షన్ చెబుతుంటే 10 రూపాయల షేరును 8కి ఎలా అమ్మారు? ప్లాటు బయానాతో పోల్చి చూడండి. కొంటానన్నవాడు లక్ష బయానా ఇచ్చి, మిగతాది కట్టలేక పోయాడు. బయానా మీకే మిగిలింది. తర్వాత వచ్చినవాడికి అనుకున్న ధర కంటే లక్ష వరకు తగ్గించి ఇచ్చినా మీ చేతికి రావలసింది వచ్చినట్టే. ఇక్కడా అంతే, పాత వాటాదారు మూలధనం కింద వదిలివెళ్లిన మొత్తం ఎంతో, తగ్గింపు అంతవరకే. దీన్నిబట్టి రాము షేరును 7 కంటే తక్కువకు అమ్మడానికి వీల్లేదు. సోము షేరును 4 దాకా దించవచ్చు. ‘కనీస ధర ఎంత’ అని ఒక మార్కు ప్రశ్న వస్తే, పది లోంచి జప్తు అయిన మొత్తం తీసేస్తే సరి.

అసలు మెలిక ఇప్పుడు మొదలవుతుంది. తగ్గింపు పోను మిగిలిన లాభం కాపిటల్ రిజర్వ్‌కు వెళ్లాలి. అది వ్యాపారంలో సంపాదించింది కాదు కాబట్టి లాభనష్టాల ఖాతాకు పోదు. అంతవరకు అందరికీ తెలుసు. ఎంత అన్న దగ్గరే ఒకే లెక్కకు మూడు జవాబులు కనిపిస్తాయి.

మొదటి జవాబు 1,200. జప్తు ఖాతాలో మొత్తం 1,500 ఉంది, తగ్గింపు 300 తీసేశాం, మిగిలినదంతా బదిలీ. జప్తు అయినవి 300 షేర్లు, అమ్ముడైనవి 150 మాత్రమే అన్న సంగతి వీళ్లు మరిచిపోయారు. అమ్మని షేర్ల మీద లాభం ఇంకా తేలలేదు. రేపు వాటిని 5 రూపాయలకు అమ్మవలసి వస్తే ఆ తగ్గింపు ఎక్కడి నుంచి తెస్తారు?

రెండో జవాబు 450. ఇది నాకు కాస్త ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఈ విద్యార్థి ఆలోచించాడు. 1,500ను 300 షేర్లకు పంచితే షేరుకు 5. అమ్మిన 150 షేర్లకు 750. అందులోంచి 300 తగ్గింపు పోగా 450. దామాషా ఆలోచన సరైనదే, కానీ రాము షేరు మీద వచ్చింది 3, సోము షేరు మీద 6. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే సోము సొమ్ము రాము ఖాతాలోకి పారిపోతుంది.

సరైన జవాబు 300. విడివిడిగా వేయాలి. రాము 100 షేర్ల మీద 300 ఉంది, తగ్గింపు 200, మిగిలింది 100. సోము 50 షేర్ల మీద 300 ఉంది, తగ్గింపు 100, మిగిలింది 200. షేర్ల జప్తు ఖాతా డెబిట్ 300, కాపిటల్ రిజర్వ్ ఖాతాకు 300.

సరిచూసుకోవడానికి రెండు దారులున్నాయి, రెండూ పరీక్ష హాల్లో అర నిమిషం పని. ఒకటి, షేరు మీద మూలధనం కింద మొత్తం ఎంత వచ్చిందో చూడటం. రాము షేరు మీద అతడిచ్చిన 3, కొత్తవాడిచ్చిన 8, మొత్తం 11. పదికి పైన 1. సోము షేరు మీద 6, 8, మొత్తం 14; పదికి పైన 4. నూరింటికి 100, యాభైకి 200. రెండోది, బదిలీ తర్వాత జప్తు ఖాతా నిల్వ చూడటం. 1,500లోంచి తగ్గింపు 300, బదిలీ 300 పోతే 900. అమ్మకుండా ఉన్నవి సోము షేర్లు 150, ఒక్కోదాని మీద 6, అంటే 900. కుదిరింది. 450 రాసినవాడి ఖాతాలో 750 మిగులుతుంది, అంటే సోము షేరుకు 5 చొప్పున. సోము కట్టింది 6 కదా! అక్కడే దొంగ దొరుకుతాడు. నేను మూల్యాంకనంలో ఆవర్జా ఖాతా వేసి నిల్వ చూపిన పేపరుకు, అది అడగకపోయినా, మనసులో ఒక మెచ్చుకోలు వేసుకుంటాను. మార్కు వేసే అధికారం స్కీము నాకివ్వదు.

ఆ 900 ఏమవుతుంది? షేర్లు అమ్ముడయ్యేదాకా ఆస్తి అప్పుల పట్టీలో షేర్ కాపిటల్ నోట్సులో, చెల్లించిన మూలధనానికి కలిపి చూపాలి. తర్వాత ఎప్పుడో మార్కెట్ బాగుండి, ఆ 150 షేర్లను కంపెనీ 11 రూపాయలకు అమ్మిందనుకోండి. బ్యాంకు డెబిట్ 1,650. కాపిటల్‌కు 1,500, సెక్యూరిటీస్ ప్రీమియానికి 150. ఈ పద్దులో జప్తు ఖాతా పేరే రాదు, తగ్గింపు లేదు కాబట్టి. అందువల్ల చాలామంది ఇక్కడితో కలం మూసేస్తారు. కానీ 900 అలాగే ఉంది, ఆ షేర్లన్నీ అమ్ముడైపోయాయి. దాన్ని పైసా తగ్గకుండా కాపిటల్ రిజర్వ్‌కు పంపే పద్దు ఇంకొకటి రాయాలి.